బుడ్డల నూనెకు మూడు పరీక్షలు

అనంతపురం దగ్గరి ఒక ఊళ్ళో చెక్క గానుగ నడిపే కుర్రవాడు రెండు కాగితాలు పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. రెండూ ఒకే పీపాలోని వేరుశెనగ నూనెకు చేయించిన పరీక్షల రిపోర్టులే. మొదటి దాంట్లో 1.8 అని ఉంది. మూడు రోజుల తర్వాత వేరే ల్యాబ్ ఇచ్చిన రెండో దాంట్లో 3.6 అని ఉంది.

"ఇదేంది సార్, మూడు దినాలకే నూనె రెండింతలు చెడిపోయిందా? లేకుంటే ఇద్దర్లో ఒకరు అబద్ధం రాసినారా?" అన్నాడు. కొనుగోలుదారు ఆ రెండో కాగితం చూసి సరుకు వద్దన్నాడట.

ఎవరూ అబద్ధం రాయలేదు. నూనె కూడా మూడు రోజుల్లో మారలేదు. మొదటి ల్యాబ్ రాసింది 'స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు, శాతం' అని. రెండోది రాసింది 'యాసిడ్ విలువ' అని. ఒకే సంగతిని చెప్పే రెండు కొలమానాలివి. వేరుశెనగ నూనెకైతే మొదటి అంకెను సుమారు రెండుతో గుణిస్తే రెండోది వస్తుంది. బంగారాన్ని ఒకరు తులాల్లో, ఇంకొకరు గ్రాముల్లో తూచినట్టు. ఆ పక్కనున్న చిన్న అక్షరాలు చదవక ఒక బేరం చెడిపోయింది.

ఆ రెండో కాగితంలో ఇంకో రెండు అంకెలు కూడా ఉన్నాయి. సాపోనిఫికేషన్ విలువ 189, అయోడిన్ విలువ 93. వాటి సంగతి ఆ కుర్రవాడు అడగనే లేదు. నూనె పరీక్ష అంటే చాలామందికి ఈ మూడూ కలిసి ఒకే 'పాస్' ముద్ర. నిజానికి ఈ మూడూ మూడు వేరువేరు ప్రశ్నలకు జవాబులు. వాటిలో నూనె చెడిందా లేదా అన్నదాని గురించి మాట్లాడేది మొదటిదొక్కటే. మిగతా రెండూ ఆ నూనె ఏ గింజదో చెప్పడానికి ప్రయత్నిస్తాయి. 'ప్రయత్నిస్తాయి' అని ఎందుకన్నానో చివర్లో చెబుతాను.

ముందు నూనె అంటే ఏమిటో చూద్దాం. ఒక చిన్న కొక్కేనికి మూడు పొడవాటి గొలుసులు తగిలించి ఉన్నట్టు ఊహించుకోండి. ఆ కొక్కెం గ్లిజరిన్. ఆ గొలుసులు కొవ్వు ఆమ్లాలు. వేరుశెనగ నూనెలో ఒక్కో గొలుసులో ఎక్కువగా 16 లేదా 18 కర్బన పరమాణువులు వరసగా ఉంటాయి. కొన్ని గొలుసుల్లో మధ్యలో ఒకటో రెండో చోట్ల పక్కపక్క కర్బనాలు రెండు చేతులతో పట్టుకుని ఉంటాయి. వాటిని జంట బంధాలంటారు. మన వంటింటి నూనెలన్నిటికీ నిర్మాణం ఇదే. తేడా అంతా గొలుసుల పొడవులో, జంట బంధాల లెక్కలో ఉంది. ఇప్పుడు మూడు పరీక్షలనూ మూడు మాటల్లో చెప్పవచ్చు. ఎన్ని గొలుసులు కొక్కెం నుంచి ఊడిపోయాయి అని చెప్పేది యాసిడ్ విలువ. గొలుసులు సగటున ఎంత పొడవు అని చెప్పేది సాపోనిఫికేషన్ విలువ. వాటిలో జంట బంధాలు ఎన్ని అని చెప్పేది అయోడిన్ విలువ.

ఊడిపోయిన గొలుసులతో మొదలుపెడదాం. కొక్కేనికి ఉన్నంతసేపు గొలుసు ఆమ్లంలా ప్రవర్తించదు. ఊడిందంటే ఆమ్లమే. ఆమ్లాన్ని క్షారంతో కొలవడం మనం పాఠశాల ల్యాబ్‌లో చేసిన పనే. పరీక్షలో పది గ్రాముల నూనెను శంఖాకారపు ఫ్లాస్కులోకి తూచి పోస్తారు. యాభై మిల్లీలీటర్ల వేడి ఆల్కహాల్ కలుపుతారు. రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేసి, బ్యూరెట్‌లోంచి 0.1 నార్మల్ పొటాషియం హైడ్రాక్సైడ్‌ను చుక్కచుక్కగా వదులుతూ ఫ్లాస్కును గట్టిగా ఊపుతారు. లేత గులాబీ రంగు వచ్చి పావు నిమిషమైనా నిలిస్తే ఆపేస్తారు. ఆ కుర్రవాడి నూనెకు అలా 6.4 మిల్లీలీటర్లు పట్టింది. దాన్ని 0.1తో, తర్వాత 56.1తో గుణించి, పది గ్రాములతో భాగిస్తే 3.6 వస్తుంది. ఒక గ్రాము నూనెలోని విడి ఆమ్లాలను చల్లార్చడానికి 3.6 మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ కావాలని దాని అర్థం. 56.1 అన్నది ఆ క్షారపు అణుభారం. దాని స్థానంలో 28.2 వేసి లెక్కగడితే విడి ఆమ్లాలు ఓలియిక్ ఆమ్లం లెక్కన 1.8 శాతం అని వస్తుంది. మొదటి ల్యాబ్ రాసింది ఇదే. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి, అందులో దాదాపు 16 గ్రాముల గొలుసులు ఊడి తిరుగుతున్నాయన్నమాట.

ఇంత తేలిక పరీక్షలోనూ తప్పులు దొర్లుతాయి. ఆల్కహాల్ సీసాలో ముందే కాస్త ఆమ్లం ఉంటుంది. దాన్ని క్షారంతో ముందుగా సరిచేసుకోకపోతే ఆ పాపమంతా నూనె ఖాతాలో పడుతుంది. గులాబీ రంగు వచ్చాక ఫ్లాస్కును అలాగే వదిలేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ దాన్ని మళ్ళీ వెలిసిపోయేట్టు చేస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు రంగు పోయిందనుకుని ఇంకో చుక్క, ఇంకో చుక్క వదులుతూ పోతారు. ముదురు రంగు నూనెల్లోనైతే గులాబీ కనిపించడమే కష్టం. నూనెను తక్కువ తీసుకుని ఆల్కహాల్ ఎక్కువ పోయడం అక్కడ పనికొచ్చే ఉపాయం.

ఇక ఆ గొలుసులు ఎందుకు ఊడాయన్నది అసలు ప్రశ్న. నీరు, గింజలోని లైపేజ్ అనే ఎంజైమ్, ఈ రెండూ కలిసి చేసే పని అది. పచ్చిగా, గట్టిగా, పగలకుండా ఉన్న పప్పులో నూనె ఒక చోట, ఎంజైమ్ ఒక చోట విడివిడిగా ఉంటాయి. పప్పు పగిలితే రెండూ కలుస్తాయి. తేమ తోడైతే పని వేగం పుంజుకుంటుంది. బూజు పడితే బూజు కూడా తన సొంత లైపేజ్‌ను తెచ్చుకుంటుంది. కోతల సమయంలో వాన పడి కుప్పలు తడిసిన సంవత్సరం అనంతపురం గానుగల్లో యాసిడ్ విలువ ఎందుకు ఎక్కి కూర్చుంటుందో ఇప్పుడు అర్థమవుతుంది. చవగ్గా దొరుకుతుందని విరుగుడు పప్పు, ముడతలు పడ్డ పప్పు కొని ఆడించినా అంతే.

గానుగలో ఇంకో సంగతి ఉంది. పప్పు పిండిలా నలిగి నూనె విడవాలంటే ఆడించేటప్పుడు కొంచెం నీళ్ళు చిలకరిస్తారు. అది పాతకాలం నుంచీ ఉన్న పద్ధతే, తప్పు కాదు. కానీ ఆ తడిలో కొంత నూనెతోనే దిగుతుంది. దాంతోపాటు మెత్తటి చెక్క పిండి కూడా దిగుతుంది. ఈ రెండూ పీపా అడుగున మడ్డిగా కూర్చుంటాయి. మడ్డిలో నీరు ఉంది, ఎంజైమ్ ఉంది, పైన బోలెడంత నూనె ఉంది. గొలుసులు ఊడే పని అక్కడ నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. కుర్రవాణ్ణి నేను మొదట అడిగింది కూడా అదే: "నాయనా, నూనెను ఎన్ని రోజులు తేర్చినావు? వడగట్టి వేరే పీపాలోకి మార్చినావా, లేక అదే పీపాలోంచి తోడి అమ్ముతున్నావా?" అదే పీపా అని చెప్పాడు.

3.6 మంచిదా చెడ్డదా? అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణాలు శుద్ధి చేయని, చల్లగా తీసిన నూనెలకు 4.0 దాకా ఒప్పుకుంటాయి. శుద్ధి చేసినవాటికి 0.6 దాటకూడదు. మన దేశ ప్రమాణాల్లో వేరుశెనగ నూనెకు ఏళ్ళ తరబడి ఉన్న హద్దు ఇంకా ఉదారం, 6. అంటే ఆ పీపా గీతకు ఇవతలే ఉంది, కానీ గీతకు దగ్గరగా ఉంది. నా తీర్పు అడిగితే, బాగా ఎండబెట్టి ఏరిన పప్పు నుంచి వచ్చే గానుగ నూనె 2 లోపే ఉండాలి. 3.6 అంటే పప్పులోనో, పీపాలోనో ఎక్కడో అశ్రద్ధ జరిగింది. తినకూడని నూనె మాత్రం కాదు. పొయ్యి మీద కాస్త ముందుగా పొగ లేస్తుంది, అంతే. విడి ఆమ్లాలు పెరిగేకొద్దీ నూనె పొగలేచే వేడి తగ్గుతుంది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. యాసిడ్ విలువ తక్కువుంటే గింజ మంచిదని కాదు. రిఫైనరీలో కాస్టిక్ సోడా నీళ్ళతో కడిగితే ఊడిన గొలుసులన్నీ సబ్బుగా మారి విడిపోతాయి. యాసిడ్ విలువ 0.5 కిందికి దిగుతుంది. బూజు పట్టిన పప్పు నుంచి తీసిన నూనె కూడా అలా కడిగితే ఈ పరీక్షలో మెరుస్తుంది. ఇంకో అపోహ: నూనె పాతబడి వచ్చే ఆ ఘాటు వాసనకూ యాసిడ్ విలువకూ నేరుగా లంకె లేదు. ఆ వాసన గాలిలోని ఆక్సిజన్ వల్ల పుడుతుంది. దాన్ని మొదటి దశలో పట్టేది పెరాక్సైడ్ విలువ అనే వేరే పరీక్ష. బజ్జీల బండి మీద మరిగి మరిగి నల్లబడిన నూనెకైతే యాసిడ్ విలువ కొంత పెరిగినా అది కథలో చిన్న భాగమే. అందుకే వాడిన నూనెకు మన దేశం మరో కొలత పెట్టింది. మొత్తం ధ్రువ పదార్థాలు 25 శాతం దాటితే పారబోయాల్సిందే.

ఇప్పుడు రెండో అంకె, 189. సాపోనిఫికేషన్ అంటే సబ్బుగా మార్చడం. ఇందులో ఊడినవాటినే కాదు, కొక్కేనికి ఉన్న గొలుసులన్నిటినీ బలవంతంగా ఊడదీసి సబ్బు చేసేస్తారు. రెండు గ్రాముల నూనెకు, ఆల్కహాల్‌లో కలిపిన 0.5 నార్మల్ పొటాషియం హైడ్రాక్సైడ్ 25 మిల్లీలీటర్లు పోస్తారు. పైన చల్లటి నీళ్ళు తిరిగే కండెన్సర్ బిగించి గంటసేపు మరగనిస్తారు. పక్కనే నూనె లేకుండా అదే క్షారాన్ని ఇంకో ఫ్లాస్కులో అంతసేపూ మరిగిస్తారు. దాన్ని బ్లాంక్ అంటారు. చివరికి రెండింటిలోనూ మిగిలిన క్షారాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కొలుస్తారు. బ్లాంక్‌కు 24.6 మిల్లీలీటర్లు పట్టింది, నూనె ఉన్నదానికి 11.1 పట్టింది. తేడా 13.5. దాన్ని 0.5తో, 56.1తో గుణించి రెండు గ్రాములతో భాగిస్తే 189.

గొలుసు ఎంత పొట్టిదైతే ఈ అంకె అంత పెద్దది. తిరకాసుగా అనిపించినా లెక్క సులువే. కిలో పెద్ద ఉల్లిగడ్డల్లో కంటే కిలో చిన్న ఉల్లిగడ్డల్లో ఎక్కువ గడ్డలు ఉంటాయి కదా. అలాగే ఒక గ్రాములో పొట్టి గొలుసులు ఎక్కువ పడతాయి. ఒక్కో గొలుసుకు ఒక్కో క్షారపు అణువు కావాలి కాబట్టి క్షారం ఎక్కువ పడుతుంది. కొబ్బరి నూనెలో 12 కర్బనాల లారిక్ ఆమ్లం ఎక్కువ, దాని విలువ 250 పైనే. వేరుశెనగ నూనెకు 188 నుంచి 196. ఆవాల నూనెలో 22 కర్బనాల ఎరూసిక్ ఆమ్లం దండిగా ఉంటుంది, దాని విలువ 168 నుంచి 177 దాకానే.

ఇంట్లో సబ్బు చేసుకునేవాళ్ళకు ఈ అంకె నేరుగా పనికొస్తుంది. 257 విలువున్న కొబ్బరి నూనె కిలోకు 183 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ కావాలి. 190 విలువున్న వేరుశెనగ నూనె కిలోకు 135 గ్రాములు చాలు. పొటాషియం లెక్కను సోడియంలోకి మార్చడానికి 40తో గుణించి 56.1తో భాగించాలి, అంతే. కొబ్బరి నూనె లెక్కతో వేరుశెనగ నూనెకు సబ్బు కాస్తే మిగిలిపోయిన కాస్టిక్ చేతులు కాలుస్తుంది.

ఈ పరీక్ష పుట్టిందే కల్తీ పట్టడానికి. 1879లో కోట్‌స్టోర్ఫర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వెన్నలో వేరే కొవ్వులు కలిపారా లేదా తేల్చడానికి దీన్ని ప్రవేశపెట్టాడు. వెన్నలో నాలుగు కర్బనాల బ్యుటిరిక్ ఆమ్లం లాంటి పొట్టి గొలుసులుంటాయి. పశువుల కొవ్వులో అవి ఉండవు. కలిపితే అంకె పడిపోతుంది. ఇప్పటికీ ఈ పరీక్ష గట్టిగా నిలిచే చోటు ఒకటుంది. అది ఖనిజ తైలం, అంటే పెట్రోలియం నుంచి వచ్చే రంగూ వాసనా లేని నూనె. దానికి కొక్కెమూ లేదు, ఊడే గొలుసూ లేదు. సబ్బు కానే కాదు. వేరుశెనగ నూనెలో పది శాతం ఖనిజ తైలం కలిపితే 190 కాస్తా 171కి దిగుతుంది. దాన్ని ఇంకా సులువుగా చూడాలంటే, సబ్బు అయిన ఆ వేడి ద్రావణంలో వేడి నీళ్ళు పోయాలి. స్వచ్ఛమైన నూనె సబ్బు తేటగా ఉంటుంది. ఖనిజ తైలం ఉంటే మసకబారుతుంది. దీన్ని హోల్డే పరీక్ష అంటారు.

కానీ గమనించండి, నూనె చెడిందా లేదా అన్న విషయం ఈ అంకెకు పట్టదు. గొలుసు కొక్కేనికి ఉన్నా, ఊడి తిరుగుతున్నా క్షారం దాదాపు అంతే పడుతుంది. యాసిడ్ విలువ 1 ఉన్నప్పుడూ 189, అదే నూనెకు 6కి ఎక్కినప్పుడూ దాదాపు 189. అందుకే 'సాపోనిఫికేషన్ బాగుంది, నూనె తాజాది' అని ఎవరైనా అంటే నమ్మకండి.

మూడో అంకె అయోడిన్ విలువ. జంట బంధం ఉన్న చోట అయోడిన్ వెళ్ళి అతుక్కుంటుంది, ఆ బంధం ఒంటి బంధంగా మారిపోతుంది. వంద గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయోడిన్‌ను పట్టుకుంటుందో అదే దాని విలువ. 1884లో హ్యూబుల్ అనే ఆస్ట్రియా సైనికాధికారి ఈ పద్ధతి కనిపెట్టాడు. అయోడిన్ ఒంటరిగా బద్ధకంగా కదులుతుంది కాబట్టి, 1898లో వైస్ అనే ఆయన దాన్ని క్లోరిన్‌తో జతచేసిన అయోడిన్ మోనోక్లోరైడ్‌ను అసిటిక్ ఆమ్లంలో కరిగించి వాడాడు. మన ల్యాబుల్లో ఇప్పటికీ వైస్ ద్రావణమే వాడతారు. నూనె పావు గ్రాముకు కాస్త ఎక్కువ చాలు. 25 మిల్లీలీటర్ల వైస్ ద్రావణం కలిపి, మూత బిగించి, చీకట్లో అరగంట పెడతారు. తర్వాత పొటాషియం అయొడైడ్, నీళ్ళు కలిపి, మిగిలిన అయోడిన్‌ను థయోసల్ఫేట్‌తో కొలుస్తారు. చివర్లో గంజి ద్రావణం వేస్తే వచ్చే నీలం రంగు పోవడమే గుర్తు. కుర్రవాడి నూనె 0.27 గ్రాములు. బ్లాంక్‌కు 46.8 మిల్లీలీటర్లు, నూనెకు 27. తేడా 19.8. దాన్ని 0.1తో, 12.69తో గుణించి 0.27తో భాగిస్తే 93.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు నూనె ఎక్కువ తూచడం. ద్రావణంలో సగానికి పైగా అయోడిన్ మిగిలిపోయేలా తూకం ఉండాలి. లేకపోతే జంట బంధాలన్నిటికీ అయోడిన్ అందదు, అంకె తక్కువొస్తుంది. అవిసె నూనె లాంటివాటికి ఇది మరీ ముఖ్యం. వాటికి సమయం కూడా గంట ఇవ్వాలి.

అయోడిన్ విలువ 170 దాటే అవిసె నూనెను చెక్క మీద పల్చగా పూస్తే గాలి తగిలి కొన్ని రోజుల్లో గట్టి పొరలా ఎండుతుంది. రంగుల పరిశ్రమ దాని మీదే బతికింది. 7.5 నుంచి 10 మధ్య ఉండే కొబ్బరి నూనె చలికి గడ్డకడుతుంది, నెలల తరబడి వాసన మారకుండా ఉంటుంది. ఈ రెండింటి మధ్య వేరుశెనగ 85 నుంచి 99, నువ్వుల నూనె 104 నుంచి 120, పొద్దుతిరుగుడు నూనె సుమారు 130. అంకె పెరిగేకొద్దీ జంట బంధాలు ఎక్కువ, ఆక్సిజన్‌కు దొరికే చోట్లు ఎక్కువ. కాబట్టి పొద్దుతిరుగుడు నూనె వేరుశెనగ నూనె కంటే త్వరగా పాడవుతుంది. అంతమాత్రాన తక్కువ అంకె ఉన్నదే మంచి నూనె అనడం తప్పు. డాల్డాలాంటి వనస్పతిని తయారుచేసేది జంట బంధాలకు హైడ్రోజన్ తగిలించి ఈ అంకెను దించే పనితోనే. ఆరోగ్యం లెక్కలో అది మెట్టు దిగినట్టే.

అయోడిన్ విలువ అన్నది ఒక సగటు. దాని బలహీనత కూడా అదే. గొలుసులన్నీ ఓలియిక్ ఆమ్లమే, అంటే ఒక్కో దానిలో ఒక్కో జంట బంధం ఉన్న నూనె విలువ 86. గొలుసులన్నిటిలో రెండేసి జంట బంధాలున్న లినోలియిక్ నూనె విలువ 173. ఇప్పుడు సగం గొలుసుల్లో రెండేసి జంట బంధాలు, మిగతా సగంలో అసలు ఏమీ లేని ఒక నూనెను ఊహించుకోండి. దాని విలువ కూడా దాదాపు 86 దగ్గరికే వస్తుంది. అణువులు చూస్తే పోలికే లేదు. అంకె మాత్రం ఒకటే.

ఈ సందు మీదే కల్తీ నడుస్తుంది. నేనే ఒక లెక్క వేసి ఆ కుర్రవాడికి చూపించాను. పామోలిన్ అయోడిన్ విలువ సుమారు 58, పొద్దుతిరుగుడు నూనెది సుమారు 130. పామోలిన్ 53 పాళ్ళు, పొద్దుతిరుగుడు నూనె 47 పాళ్ళు కలిపితే 92 వస్తుంది. వేరుశెనగ నూనె హద్దు 85 నుంచి 99, కాబట్టి సరిగ్గా మధ్యలో కూర్చుంది. సాపోనిఫికేషన్ సంగతి చూద్దాం. పామోలిన్‌కు 197, పొద్దుతిరుగుడుకు 191 అనుకుంటే మిశ్రమానికి 194. వేరుశెనగ హద్దు 188 నుంచి 196. ఇదీ లోపలే. రెండూ శుద్ధి చేసిన నూనెలే కాబట్టి యాసిడ్ విలువ 0.5 లోపు. మూడు పరీక్షల్లోనూ ఈ డబ్బా పాస్ అయింది. దానిలో ఒక్క చుక్క వేరుశెనగ నూనె లేదు.

కుర్రవాడు కాగితం వంక చూస్తూ కాసేపు మాట్లాడలేదు. తన నిఖార్సైన నూనె 3.6 వచ్చిందని వెనక్కి పంపారు. ఈ లెక్కలోని డబ్బా 0.3తో దర్జాగా దాటిపోతుంది. నిజానికి గానుగ నూనె అని రాసి, యాసిడ్ విలువ 0.3 అని చూపిస్తే అనుమానించాల్సింది అక్కడే. శుద్ధి చేయని నూనెకు అంత తక్కువ రావడం అరుదు. అది రుజువు కాకపోయినా ప్రశ్న అడగడానికి చాలు.

మరి దీన్ని ఎలా పట్టుకోవాలి? వేరుశెనగకు ఒక సొంత గుర్తు ఉంది. 20, 22, 24 కర్బనాల పొడవాటి గొలుసులు, అంటే అరాకిడిక్, బెహెనిక్, లిగ్నోసెరిక్ ఆమ్లాలు అందులో కొన్ని శాతాలు ఉంటాయి. అరాకిడిక్ అన్న పేరు వేరుశెనగ శాస్త్రీయ నామం అరాకిస్ నుంచి వచ్చిందే. ఈ పొడవాటి గొలుసులు పలచని ఆల్కహాల్‌లో సరిగా కరగవు. బెల్లియర్ పరీక్ష దీన్నే వాడుకుంటుంది. నూనెను సబ్బు చేసి, ఆమ్లం కలిపి, 70 శాతం ఆల్కహాల్‌లో నెమ్మదిగా చల్లారుస్తూ ఏ వేడి దగ్గర మసకబారుతుందో చూస్తారు. వేరుశెనగ నూనె 39 నుంచి 41 డిగ్రీల మధ్య మసకబారుతుంది. నువ్వుల నూనెకైతే 22 దాటకూడదు. పెద్ద యంత్రాలు లేని ల్యాబుల్లో మొదటి అనుమానం ఈ పరీక్షతోనే పుడుతుంది.

తేల్చి చెప్పేది మాత్రం గ్యాస్ క్రొమాటోగ్రఫీ. అది సగటు ఇవ్వదు, ఒక్కో గొలుసూ ఎంత శాతం ఉందో విడివిడిగా చూపుతుంది. మన లెక్కలోని మిశ్రమంలో 16 కర్బనాల పామిటిక్ ఆమ్లం దాదాపు 24 శాతం దాకా వస్తుంది, ఎందుకంటే పామోలిన్‌లో అది 40 శాతం వరకు ఉంటుంది. వేరుశెనగ నూనెలో అది 14 శాతం దాటదు. బెహెనిక్ ఆమ్లం వేరుశెనగలో ఒకటిన్నర శాతానికి పైగా ఉండాలి. మిశ్రమంలో అంత ఉండదు. ఈ రెండు గీతలు చూస్తే చాలు, డబ్బా మీద ఏం రాసినా లోపలున్నది బయటపడుతుంది.

ఫ్రిజ్‌లో పెట్టి చూస్తే తెలుస్తుందని కొందరు చెబుతారు. చలికి వేరుశెనగ నూనె కూడా మసకబారుతుంది కాబట్టి అది నమ్మదగ్గ గుర్తు కాదు.

ఆ కుర్రవాడి నూనె నిజమైన బుడ్డల నూనే. దాని లోపం పప్పులోని తడి, పీపాలోని మడ్డి. పప్పును ఆడించే ముందు ఇంకో రెండు రోజులు ఎండబెట్టమని, విరుగుడును ఏరి పక్కన పెట్టమని, నూనెను నాలుగైదు రోజులు తేర్చి పైనున్నదాన్ని వడగట్టి పొడి పీపాలోకి మార్చమని చెప్పాను. కొనుగోలుదారుకు మొదటి రిపోర్టునూ రెండోదాన్నీ పక్కపక్కన పెట్టి, 1.8ని రెండుతో గుణించి చూపించమన్నాను.

మీ చేతికి నూనె రిపోర్టు వచ్చినప్పుడు మొదటి అంకె పక్కన 'యాసిడ్ విలువ' అని ఉందో, 'శాతం' అని ఉందో ముందు చదవండి. గానుగ నూనెకని ఎక్కువ ధర పెట్టి క్రమంగా కొనేవారైతే, మూడు అంకెలతో ఆగకుండా కొవ్వు ఆమ్లాల వివరం ఉన్న రిపోర్టు కూడా చూపించమని అమ్మేవారిని అడగండి.